వార్షిక ఫైలింగ్ ఆలస్యం: అదనపు ఫీజు మాఫీ కోరుతూ ఆర్‌ఓసీకి ఉత్తరం ఎలా రాయాలి?

ప్రశ్న: "సార్, వరంగల్‌లో ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలో డిసెంబర్‌లో కంపెనీ సెక్రటరీగా చేరాను. ఏజీఎం సెప్టెంబర్ 30న జరిగింది కానీ ఏఓసీ-4, ఎంజీటీ-7 రెండూ ఇంకా ఫైల్ కాలేదు. పాత సీఎస్ ఆగస్టులో మానేశారట, పోర్టల్ కూడా సరిగ్గా పనిచేయలేదట. ఎండీ గారు 'ఆర్‌ఓసీకి లెటర్ రాసి లేట్ ఫీజు మాఫీ చేయించు, అప్పటిదాకా ఫైల్ చేయకు' అంటున్నారు. లెటర్ ఫార్మాట్ ఉంటే ఇవ్వగలరా?"

ఉత్తరం రాయండి, కానీ ముందు ఫైల్ చేయండి. మాఫీ వచ్చేదాకా ఆగడం అనే మాట మాత్రం ఎండీ గారి చేత మానిపించండి. ఆర్థిక నివేదికల ఏఓసీ-4, వార్షిక రిటర్న్ ఎంజీటీ-7, ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయల చొప్పున రెండింటికీ కలిపి రోజుకు 200 పడుతోంది, దానికి పైపరిమితి కూడా లేదు. ఉత్తరం వెళ్లి, ఎవరో చదివి, జవాబు వచ్చేలోపు మీరు మాఫీ అడిగిన మొత్తం కంటే కొత్తగా చేరేదే ఎక్కువవుతుంది.

అసలు సంగతి, ఈ ఫీజును మాఫీ చేసే అధికారం ఆర్‌ఓసీ, అంటే రిజిస్ట్రార్ ఆఫ్ కంపెనీస్ చేతిలో లేదు. కంపెనీల చట్టంలోని సెక్షన్ 403, దాని కింది ఫీజుల రూల్స్ ప్రకారం పోర్టలే లెక్క కడుతుంది. ఫారం అప్‌లోడ్ చేయగానే మామూలు ఫీజు, అదనపు ఫీజు కలిపి ఒకే చలానా వస్తుంది. మొత్తం కట్టకపోతే ఫైలింగ్ పూర్తి కాదు. నాగోల్ బండ్లగూడలోని కార్పొరేట్ భవన్‌లో కూర్చున్న అధికారి మీ కథ విని కరిగిపోయినా, ఆ చలానాలోంచి అదనపు ఫీజు తీసేసే బటన్ ఆయన దగ్గర ఉండదు. రీఫండ్ ఫారం అంటూ ఒకటుంది గానీ, అది రెండుసార్లు కట్టినవారికీ పొరపాటున ఎక్కువ కట్టినవారికీ. రూల్స్ ప్రకారం లెక్కకట్టిన అదనపు ఫీజు వెనక్కి తెచ్చుకోవడానికి కాదు.

మరి మాఫీలు అసలు రాలేదా అంటే, వచ్చాయి. 2020లో కంపెనీస్ ఫ్రెష్ స్టార్ట్ స్కీమ్ కింద ఆ ఏడాది చివరిదాకా పాత పెండింగ్ ఫారాలన్నీ అదనపు ఫీజు లేకుండా తీసుకున్నారు. 2025లో పోర్టల్‌లో కొత్త ఫారాలు వచ్చాయని అక్టోబర్‌లో సర్క్యులర్ ఇచ్చి, వార్షిక ఫైలింగ్‌కు డిసెంబర్ 31 దాకా, తర్వాత 2026 జనవరి 31 దాకా అదనపు ఫీజు తీసేశారు. అదే అక్టోబర్ చివర్లో మోంథా తుఫాను వానకు హనుమకొండ, వరంగల్ కాలనీలు మునిగాయి. మునిగిన కంపెనీల్లో ఎవరూ ఉత్తరం రాయాల్సిన పని పడలేదు, సడలింపు అప్పటికే అమల్లో ఉంది. ఇలాంటివి ఢిల్లీలో కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ, ఎంసీఏ నుంచి దేశమంతటికీ ఒకేసారి వస్తాయి. ఒక కంపెనీ అడిగిందని ఆ ఒక్క కంపెనీకి రావు. కాబట్టి ఫైల్ చేసే రోజు ఎంసీఏ సైట్‌లో ఏదైనా సర్క్యులర్ అమల్లో ఉందేమో ఒకసారి చూసుకోండి. ఉంటే ఉత్తరంతో పనే లేదు.

సెక్షన్ 460 కింద ఆలస్యాన్ని మన్నించమని సీజీ-1 వేద్దామని ఎవరైనా సలహా ఇస్తే అక్కడితో ఆపండి. 2018లో అమల్లోకి వచ్చిన సవరణకు ముందు, నిర్ణీత రోజులు దాటాక వార్షిక ఫారాలకు ఆ దారి అవసరమయ్యేది. ఇప్పుడు ఎన్ని రోజులు దాటినా అదనపు ఫీజుతో ఫారం వెళ్తుంది. ఆలస్యాన్ని మన్నించడం వేరు, 403 కింద పడే ఫీజు వేరు.

ఇక ఉత్తరం ఎందుకంటే, పెనాల్టీ కోసం. అదనపు ఫీజు కట్టినంత మాత్రాన పెనాల్టీ ప్రమాదం పోదు. రిటర్న్ ఆలస్యానికి సెక్షన్ 92(5), ఆర్థిక నివేదికల ఆలస్యానికి 137(3) వేరే ఉన్నాయి. రెండింటిలోనూ 10,000 రూపాయలతో మొదలై రోజుకు 100 చొప్పున పెరుగుతుంది. కంపెనీకి గరిష్ఠంగా రెండు లక్షలు, బాధ్యులైన ఒక్కొక్కరికి యాభై వేలు. చిన్న కంపెనీ అయితే 446బి ప్రకారం ఇందులో సగం మించదు.

ఇక్కడ మీ సొంత విషయం ఒకటుంది, జాగ్రత్తగా చదవండి. 137 కింద ముందుగా ఎండీ, సీఎఫ్‌ఓ వస్తారు. 92 కింద మాత్రం తప్పు జరిగినప్పటి 'ఆఫీసర్' ఎవరన్నది ప్రశ్న. ఫుల్‌టైం కంపెనీ సెక్రటరీ కీలక నిర్వహణ సిబ్బందిలో ఒకరు కాబట్టి ఆ జాబితాలో ఉంటారు. అంటే నవంబర్‌లో గడువు దాటినప్పుడు మీరు లేకపోయినా, డిసెంబర్‌లో చేరిన నాటి నుంచి నడుస్తున్న ఆలస్యంలో మీ పేరూ కలుస్తుంది. 'మాఫీ వచ్చేదాకా ఆగు' అన్న మాటకు ఖరీదు కట్టేది ఎండీ గారొక్కరే కాదు.

ఊరట కూడా చట్టంలోనే ఉంది. సెక్షన్ 454(3)కి 2020లో ఒక ప్రొవైజో చేర్చారు. 92(4) గానీ 137(1), (2) గానీ తప్పి, పెనాల్టీ తేల్చే అడ్జుడికేటింగ్ ఆఫీసర్ నోటీసు ఇవ్వకముందే లేదా ఇచ్చిన 30 రోజుల్లోపు సరిచేసుకుంటే పెనాల్టీ వేయకూడదు, ఆ ప్రొసీడింగ్స్ ముగిసినట్టే. మీ ఉత్తరానికి వెన్నెముక ఇదే. ఏజీఎం ఆలస్యమైతే మాత్రం ఈ రక్షణ లేదు. మీది సెప్టెంబర్ 30నే జరిగింది కాబట్టి ఆ చిక్కు లేదు, నిజంగానే ఆరోజు జరిగి ఉంటే. ఎందుకంటున్నానో కింద చెప్తాను.

మీరు చెప్పిన రెండు కారణాలూ చూద్దాం.

పాత సీఎస్ మానేశారు అన్నది కాగితం మీద బలంగా కనిపిస్తుంది, చదివే అధికారికి మాత్రం కాదు. ఏఓసీ-4కి కంపెనీ వైపు నుంచి బోర్డు అధికారమిచ్చిన డైరెక్టర్ సంతకం చాలు. ఎంజీటీ-7 మీద కంపెనీ సెక్రటరీ లేనప్పుడు ప్రాక్టీసులో ఉన్న సీఎస్ సంతకం చేయవచ్చని 92(1)లోనే ఉంది. 'సీఎస్ లేరు' అంటే 'బయటి సీఎస్‌ని ఎందుకు పెట్టుకోలేదు' అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. పైగా ఆ వాక్యం రాసే ముందు పోర్టల్‌లో, డైరెక్టర్లు, సీఎస్‌ల రాకపోకలు తెలిపే ఫారం డీఐఆర్-12 చూడండి. ఆయన రాజీనామా 30 రోజుల్లో ఫైల్ అయిందా, మీ నియామకం ఫైల్ అయిందా? కాకపోతే ఒక ఆలస్యానికి క్షమాపణ అడగబోయి మరో ఆలస్యాన్ని మీ చేత్తో మీరే రాసిచ్చినట్టవుతుంది. ఉత్తరంలోని ప్రతి తేదీ పోర్టల్‌లో ఉన్న తేదీతో సరిపోవాలి. సరిపోనిదాన్ని ముందు సరిచేయండి, తర్వాత రాయండి.

పోర్టల్ పనిచేయలేదు అన్నది నిజమైతే రెండిట్లో అదే మెరుగైన కారణం, ఎందుకంటే తప్పు మీ వైపుది కాదు. కానీ ఆధారం కావాలి. గడువులోపు పోర్టల్‌లో పెట్టిన కంప్లైంట్ టికెట్ నంబర్, తేదీ, టైము కనిపించే స్క్రీన్‌షాట్, ఎర్రర్ ఏమని వచ్చిందో ఆ మెసేజ్ ఉండాలి. ఇవి లేకుండా 'పోర్టల్ సమస్య' అని ఒక్క మాట రాస్తే అది అందరూ రాసే మాటే. టికెట్ గడువు దాటాక పెట్టినదైతే ఆ తర్వాతి రోజులకే పనికొస్తుంది. 'పనిచేయలేదట' అని మీరు రాశారు. ఆ 'అట' అన్నది ఎవరి నోటి నుంచి వచ్చిందో కనుక్కోండి, వాళ్ల మెయిల్స్‌లో టికెట్ ఉందేమో వెతికించండి. దొరకకపోతే ఆ కారణం వదిలేయండి.

నేను చూసిన ఒక కేసు చెప్తాను, ఇలాంటి ఉత్తరం ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ కూలుతుందో అందులో తెలుస్తుంది. ఎనుమాముల వైపు మిర్చి కోల్డ్ స్టోరేజీ నడిపే ఒక చిన్న ప్రైవేట్ కంపెనీ. అన్నదమ్ములిద్దరే డైరెక్టర్లు. 2022-23 ఆర్థిక సంవత్సరానికి ఏజీఎం 2023 సెప్టెంబర్ 30న జరిగింది. ఏఓసీ-4 గడువు అక్టోబర్ 30, రిటర్న్ గడువు నవంబర్ 29. వాళ్లు నా దగ్గరికి వచ్చేసరికి జనవరి నడుస్తోంది.

ఆ ఏడాది జూలై చివర్లో వరంగల్ ఎలా మునిగిందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. వాళ్ల ఆఫీసులోకి కూడా నీళ్లొచ్చాయి, బాండ్ రిజిస్టర్లు తడిశాయి. పెద్దాయన వస్తూనే "వరద వల్ల లేటైందని రాయండి సార్, కాదనేవాడెవడు?" అన్నారు. నేను ఆడిట్ రిపోర్టు తిప్పి చూశాను. సంతకం సెప్టెంబర్ 4న అయింది. వరద జూలైలో వస్తే, లెక్కలు సెప్టెంబర్‌లో తేలాయి, ఏజీఎం కూడా టైముకు జరిగింది. ఇక అక్టోబర్ 30కి ఫారం వెళ్లకపోవడానికి వరద ఎలా కారణమవుతుంది? జాలి పుట్టించే కారణం వేరు, ఆలస్యానికి నిజంగా కారణమైంది వేరు. అధికారి ముందు ఈ రెండు తేదీలూ పక్కపక్కనే ఉంటాయి, ఆడిట్ రిపోర్టును మనమే జత చేస్తాం కదా.

విడమరిచి అడిగితే అసలు సంగతి బయటపడింది. ఆ పెద్దాయనే ఎండీ. ఆయన డైరెక్టర్ కేవైసీ అప్పటి నియమం ప్రకారం సెప్టెంబర్ 30లోపు చేయాలి. చేయలేదు. ఆయన ఫోన్ నంబర్ మారిపోయింది, ఓటీపీ పాత నంబర్‌కి పోతోంది. అక్టోబర్‌లో ఆయన డైరెక్టర్ గుర్తింపు నంబర్, అంటే డిన్, డీయాక్టివేట్ అయింది. డీయాక్టివేట్ అయిన డిన్‌తో ఏ ఫారం మీదా సంతకం పెట్టలేరు. ఫోన్ నంబర్ మార్చాలంటే అప్పట్లో వెబ్ కేవైసీ కుదిరేది కాదు, డిజిటల్ సంతకంతో పూర్తి కేవైసీ ఫారం వేయాల్సి వచ్చేది. డిజిటల్ సంతకం గడువూ అయిపోయింది. అది చేయించుకునే లోపు ఆయన నవంబర్‌లో ఆపరేషన్ కోసం హైదరాబాద్ ఆసుపత్రిలో చేరారు. ఐదు వేల రూపాయల ఫీజు కట్టి డిన్ తిరిగి తెచ్చుకునేసరికి కొత్త సంవత్సరం వచ్చింది.

ఇది నిజం, దీనికి కాగితాలున్నాయి. కానీ ఇందులోనూ ఒక కన్నం ఉంది. తమ్ముడి డిన్ బాగానే ఉంది కదా, ఆయనెందుకు సంతకం పెట్టలేదు? ఉత్తరం చదివేవాళ్లు మొదట అడిగేది అదే. ఆయనకు డిజిటల్ సంతకమే లేదు, ఎప్పుడూ తీసుకోలేదు. అది కంపెనీ నిర్లక్ష్యమే. ఆ మాట దాచలేదు. 'రెండో డైరెక్టర్‌కు అప్పటికి డిజిటల్ సంతకం లేదు, ఇప్పుడు తీసుకున్నాం, ఇకపై ఒకరు అందుబాటులో లేకపోయినా ఫైలింగ్ ఆగదు' అని రాయించాను. ఎదుటివాడు అడగబోయే ప్రశ్నకు ఉత్తరమే జవాబు చెప్తే దాన్ని పట్టుకుని ఇంకో ఉత్తరం రాదు.

రెండు ఫారాలూ 2024 ఫిబ్రవరి 8న ఫైల్ అయ్యాయి. ఏఓసీ-4కి 101 రోజులు, 10,100 రూపాయలు. రిటర్న్‌కి 71 రోజులు, 7,100. మొత్తం 17,200, మామూలు ఫీజు విడిగా. ఇదంతా కట్టాకే ఉత్తరం వెళ్లింది. డబ్బు వెనక్కి రాలేదు, వస్తుందని నేను చెప్పనూ లేదు. పెనాల్టీ నోటీసు కూడా రాలేదు. వచ్చినా, నోటీసుకు ముందే ఫైల్ చేశామన్న మాట స్టాంపు పడిన కాపీతో సహా చేతిలో ఉంది. తర్వాత బ్యాంకు లిమిట్ రెన్యువల్‌కు వెళ్లినప్పుడు వాళ్ల లాయర్ ఆలస్యం గురించి అడిగితే ఆ కాపీయే చూపించారు.

మధ్యలో ఇంకో సలహా కూడా వాళ్లకు ఎవరో ఇచ్చారు: ఏజీఎం తేదీనే వెనక్కో ముందుకో జరిపి గడువు సరిపెట్టేయమని. మీకూ ఎవరో ఒకరు చెప్తారు. అకౌంట్లు సెప్టెంబర్‌కి తయారుకాకుండానే 'ఏజీఎం సెప్టెంబర్ 30న జరిగింది' అని మినిట్స్ రాసుకునే కంపెనీలు కూడా ఉన్నాయి, అందుకే పైన ఆ మాట అన్నాను. ఆడిటర్ రిపోర్టు కింద యూడీఐఎన్ అని 18 అక్షరాల నంబర్ ఉంటుంది. మొదటి రెండు అంకెలు అది జెనరేట్ అయిన సంవత్సరం. సంతకం తేదీ 2023 సెప్టెంబర్ అని ఉండి నంబర్ 24తో మొదలైతే, సంతకం పెట్టిన 60 రోజుల్లోపు జెనరేట్ చేయాలన్న నియమం తప్పినట్టు, లేదా తేదీ అబద్ధమన్నట్టు. ఏది ఒప్పుకున్నా ఇబ్బందే. మీ కంపెనీ ఆడిట్ రిపోర్టు మీద ఈ నంబర్ ఇవాళే చూడండి. తేడా ఉంటే ఉత్తరం సంగతి పక్కన పెట్టి ముందు ఆడిటర్‌తో, ఎండీ గారితో కూర్చోండి.

ఇక ఉత్తరం. అసలుది ఇంగ్లీషులోనే వెళ్తుంది, విషయం అర్థం కావడానికి ఇక్కడ తెలుగులో ఇస్తున్నాను. కంపెనీ లెటర్‌హెడ్ మీదే రాయాలి. పేరు, రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా, సీఐఎన్, ఫోన్, ఈమెయిల్ లెటర్‌హెడ్ మీద ఉండి తీరాలని సెక్షన్ 12 చెప్తోంది. సీఐఎన్ లేని లెటర్‌హెడ్ మీద ఆర్‌ఓసీకి సంజాయిషీ రాసినవాళ్లను చూశాను. ఒక పేజీ దాటకండి.

> విషయం: ఫలానా ఆర్థిక సంవత్సరానికి ఏఓసీ-4, ఎంజీటీ-7 ఆలస్యంగా దాఖలు చేయడం గురించి
>
> కంపెనీ వార్షిక సర్వసభ్య సమావేశం సెప్టెంబర్ 30న జరిగింది. ఏఓసీ-4 అక్టోబర్ 30లోపు, ఎంజీటీ-7 నవంబర్ 29లోపు దాఖలు చేయవలసి ఉంది. వీటిని ఫలానా తేదీన, ఫలానా ఎస్‌ఆర్‌ఎన్‌ల కింద, వర్తించే అదనపు ఫీజుతో సహా దాఖలు చేశాము.
>
> అక్టోబర్ 30 నుంచి ఫలానా తేదీ వరకు జరిగిన ఆలస్యానికి కారణం ఇది. (ఇక్కడ కారణం, తేదీల వారీగా. ఒక్కో వాక్యానికి ఒక్కో జత కాగితం.)
>
> ఈ దాఖలు తమ కార్యాలయం నుంచి ఏ నోటీసూ రాకముందే జరిగింది. సెక్షన్ 454(3) ప్రొవైజోను దృష్టిలో ఉంచుకుని సెక్షన్ 92, 137 కింద చర్య తీసుకోవద్దని కోరుతున్నాము. చెల్లించిన అదనపు ఫీజు విషయంలో తగిన ఉపశమనం ఏదైనా ఉంటే పరిశీలించవలసిందిగా, లేదా మంత్రిత్వ శాఖకు పంపవలసిందిగా మనవి.

మాఫీ విన్నపం చివరి వాక్యంలో, అదీ 'ఉంటే' అన్న మాటతో పెట్టాను. ఎండీ గారు అడిగింది ఉత్తరంలో ఉంటుంది, అధికారి తన చేతిలో లేనిది అడిగారని మొదటి వాక్యానికే పక్కన పెట్టే ప్రమాదమూ ఉండదు. పోర్టల్ టికెట్ నిజంగా దొరికితే మాత్రం ఆ వాక్యాన్ని పైకి తెచ్చి, టికెట్ పెట్టిన రోజు నుంచి సమస్య తీరిన రోజు వరకు ఎన్ని రోజులో చెప్పి, ఆ రోజుల ఫీజు మాత్రమే అడగండి. మొత్తం మాఫీ అడిగితే మిగతా రోజులకు కారణం ఏదని అడుగుతారు.

కారణం పేరాలో ఒకటే పరీక్ష: మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా ఖాళీ లేకుండా ఉందా? ఆగస్టులో సీఎస్ వెళ్లారు, డిసెంబర్‌లో మీరు వచ్చారు అన్నంతవరకు సరే. మీరు వచ్చిన రోజు నుంచి ఫైల్ చేసిన రోజు దాకా ఏం జరిగిందో కూడా రాయాలి. అక్కడ 'మాఫీ కోసం ఎదురుచూశాం' అని రాయలేరు కదా. ఎండీ గారికి ఈ మాటే చెప్పండి, లెక్కల కంటే ఇది తొందరగా ఎక్కుతుంది.

సంతకం మీది, మెంబర్‌షిప్ నంబర్‌తో. సంతకానికి ముందు బోర్డు తీర్మానం గానీ, కనీసం ఎండీ గారి అనుమతి మెయిల్ గానీ తీసుకోండి. మీరు రాని రోజుల గురించి మీరు సంతకం పెడుతున్నారు కాబట్టి 'కంపెనీ రికార్డుల ప్రకారం' అని ఒక మాట చేర్చండి. ఆర్‌ఓసీ ఆఫీసుకు ఈమెయిల్‌లో పంపి, స్పీడ్ పోస్టులో కూడా వేయండి. ఎవరైనా హైదరాబాద్ వెళ్తుంటే ఇన్‌వర్డ్‌లో ఇచ్చి కాపీ మీద స్టాంపు వేయించుకోవడం ఇంకా మంచిది.

ఒకవేళ ఈలోపే అడ్జుడికేషన్ నోటీసు వచ్చి ఉంటే ఈ ఉత్తరం సరిపోదు. ఇప్పుడు ఆ ప్రక్రియంతా ఆన్‌లైన్‌లోనే నడుస్తుంది, నోటీసులో ఇచ్చిన గడువులోపు అక్కడే జవాబు పెట్టాలి. నోటీసు తేదీ నుంచి 30 రోజుల్లో ఫారాలు వెళ్తే ప్రొవైజో అప్పటికీ వర్తిస్తుంది. కంపెనీ ఈమెయిల్ ఐడీ పాత సీఎస్ పేరు మీదో, ఎప్పుడో మానేసిన అకౌంటెంట్ పేరు మీదో ఉందేమో చూసుకోండి. నోటీసులు అక్కడికే పోతాయి.